బిల్లు ఫొటోల్లో కనిపించే అడ్వాన్సులు, విడతల జమల నుంచి అసలు బాకీ తేల్చడం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ బజార్లలో సిమెంటు, ఇనుము, ప్లైవుడ్ అమ్మే దుకాణాల లెక్క ఇప్పుడు సగం వాట్సాప్‌లోనే ఉంటోంది. ఆర్డరు చీటీ ఒక ఫొటో, బిల్లు ఒక ఫొటో, ఖాతాదారు పంపిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఇంకొకటి. నెలాఖరుకు "వీళ్ల బాకీ ఎంత?" అని అడిగితే, చాలామంది చివరి బిల్లు ఫొటో తెరిచి అడుగున ఉన్న బ్యాలెన్స్ అంకె చదివి చెప్పేస్తారు. ఆ అంకె చాలాసార్లు తప్పు.

కారణం ఏమిటంటే, బిల్లు మీద అచ్చయిన బ్యాలెన్స్ ఆ బిల్లు కొట్టిన నిమిషానికి కంప్యూటరుకు తెలిసినంత మేరకే నిజం. ఆ తర్వాత పెన్నుతో రాసుకున్న జమ దానికి తెలియదు. వాపసు వచ్చిన సరుకు తెలియదు. ముందే ఒక బిల్లులో తగ్గించిన అడ్వాన్సును గుమాస్తా మళ్లీ టైపు చేస్తే, ఆ సంగతీ తెలియదు. అందుకే ఈ పద్ధతికంతటికీ మూలం ఒక్కటే: ఫొటోలోని బ్యాలెన్స్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. ప్రతి ఫొటోలోంచి ఆ రోజు కొత్తగా జరిగిన విషయం మాత్రమే తీసుకోవాలి. కొత్తగా ఇచ్చిన సరుకు విలువ, కొత్తగా చేతికొచ్చిన డబ్బు, కొత్తగా వాపసు వచ్చిన సరుకు, ఈ మూడే. బాకీని వాటి నుంచి మనమే కట్టుకోవాలి.

మొదటి మెట్టు: ఫొటోలను ఖాతాదారు వారీగా విడదీయడం

ఒడిశా, ఆంధ్రప్రదేశ్ సరిహద్దు ఊళ్లలో ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది. ఒకే మనిషి పేరు ఒక బిల్లు మీద ఇంగ్లీషులో ఒక రకంగా, ఇంకో బిల్లు మీద ఇంకో రకంగా ఉంటుంది. ఆర్డరు చీటీ మీద తెలుగులోనో ఒడియాలోనో చేతిరాత ఉంటుంది. పాతపట్నం వైపు నుంచి వచ్చే ఖాతాదారుకు, కాశీనగరం ఖాతాదారుకు పేరు, ఇంటిపేరు రెండూ కలవడం కూడా మామూలే. కాబట్టి పేరును నమ్ముకోకుండా ప్రతి ఖాతాదారుకు ఒక కోడ్ ఇవ్వండి, ఉదాహరణకు `PK014`. ఆ కోడ్‌కు ఎదురుగా ఫోన్ నంబరు, ఉంటే జీఎస్టీ నంబరు రాసుకోండి. జీఎస్టీ నంబరు మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఒకే పేరున్న ఇద్దరిలో ఎవరు ఎటువైపు వారో ఆ రెండంకెలతోనే తేలిపోతుంది.

తర్వాత ఫొటో ఫైలు పేరు మార్చండి. `PK014_B412_1.jpg` అంటే ఆ ఖాతాదారు 412వ బిల్లుకు మొదటి ఫొటో. అదే బిల్లుకు ఇంకో ఫొటో దొరికితే చివర 2 వేయండి. ఒకే బిల్లును డబ్బు ఇవ్వకముందు ఒకసారి, ఇచ్చాక చేతిరాతతో మరోసారి ఫొటో తీయడం చాలా సాధారణం. ఈ పేరు పెట్టే పద్ధతి లేకపోతే అవి రెండు బిల్లులుగా లెక్కలోకి ఎక్కేస్తాయి. బిల్లు నంబరుతోపాటు ఆర్థిక సంవత్సరం కూడా రాసుకోవాలి. చాలా దుకాణాల్లో ఏప్రిల్ 1న నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి కనుక 412 ఏటా ఒకటి ఉంటుంది.

ఫొటో విషయంలో ఒక జాగ్రత్త. చిన్న ప్రింటర్ల నుంచి వచ్చే నున్నటి థర్మల్ కాగితం వేడికి, వెలుతురుకు అచ్చు పోగొట్టుకుంటుంది. కాబట్టి బిల్లు చేతికొచ్చిన రోజే ఫొటో తీయాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గి చిన్న అంకెలు మసకబారతాయి. డాక్యుమెంటుగా పంపమని అడగండి. బిల్లు నాలుగు మూలలూ ఫొటోలో పడాలి, వెనుకవైపు కూడా తీయించాలి. విడతల జమలు ఎక్కువగా వెనుకే రాస్తారు.

రెండో మెట్టు: మూడు పట్టికలు

ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ `Bills`, `Receipts`, `Returns` అని మూడు షీట్లు తెరవండి.

`Bills`లో వరుసగా ఖాతాదారు కోడ్, బిల్లు నంబరు, తేదీ, బిల్లు మొత్తం, అచ్చయిన బ్యాలెన్స్, ఫొటో పేరు ఉంటాయి. బిల్లు మొత్తం అంటే ఆ బిల్లులోని సరుకు విలువ, పన్ను, రౌండాఫ్ కలిపి వచ్చేది. పాత బాకీ కలిపింది కాదు, అడ్వాన్సు తీసేసిందీ కాదు. అచ్చయిన బ్యాలెన్స్‌ను రాసుకోవడం చివర్లో సరిచూసుకోవడానికే, కూడడానికి కాదు.

`Receipts`లో కోడ్, తేదీ, మొత్తం, ఏ రూపంలో వచ్చింది, రిఫరెన్స్ నంబరు, ఏ బిల్లుకు, ఫొటో పేరు, స్థితి. ఈ ఎనిమిదో గడిలో డబ్బు నిజంగా చేరితే `OK`, చెక్కు ఇంకా పాసవకపోతే `WAIT`, తిరిగొస్తే `BOUNCED` అని రాయండి. చెక్కు తిరిగొచ్చిందని ఆ వరుసను చెరిపేయవద్దు. ఇచ్చారు, తిరిగొచ్చింది అన్న రెండు సంగతులూ కాగితం మీద ఉండాలి.

`Returns`లో కోడ్, తేదీ, మొత్తం, వాపసు చీటీ నంబరు, ఏ బిల్లు సరుకు అన్నవి ఉంటే చాలు.

రిఫరెన్స్ గడిని ముందుగానే ప్లెయిన్ టెక్స్ట్‌గా మార్చుకోండి. యూపీఐ రిఫరెన్స్ 12 అంకెలు. మామూలు గడిలో వేస్తే ఎక్సెల్ దాన్ని 4.1E+11 లాగా కుదించి చూపిస్తుంది, మొదట సున్నా ఉంటే మింగేస్తుంది. ఫోన్‌పే స్క్రీన్‌షాట్‌లో టి అక్షరంతో మొదలయ్యే ట్రాన్సాక్షన్ ఐడీ వేరు, యూటీఆర్ అని కనిపించే ఆ 12 అంకెల రిఫరెన్స్ వేరు. బ్యాంకు స్టేట్‌మెంటుతో పోల్చడానికి పనికొచ్చేది యూటీఆర్. ఇచ్చినవారి ఫోన్లో, పుచ్చుకున్నవారి ఫోన్లో ఒకటే ఉండేది కూడా అదే.

మూడో మెట్టు: ఫొటో చదవడం

బిల్లు అడుగుభాగంలో నాలుగైదు వరుసలు కలిసి మనిషిని తికమక పెడతాయి. పైనుంచి కిందికి వెళ్తూ ప్రతి వరుసకూ ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఇది ఈ బిల్లుతో కొత్తగా వచ్చిందా, ఎక్కడినుంచో మోసుకొచ్చిందా? సరుకు మొత్తం కొత్తది. "ప్రీవియస్ బ్యాలెన్స్" మోసుకొచ్చింది, వదిలేయండి. దాన్ని కలిపిన "గ్రాండ్ టోటల్" కూడా వదిలేయాల్సిందే. "రిసీవ్డ్" అని ఆ రోజు తీసుకున్న డబ్బు కొత్తది, అది `Receipts`లోకి పోతుంది. "లెస్ అడ్వాన్సు" మాత్రం తేల్చుకోవాలి. ఆ అడ్వాన్సు ముందే ఆర్డరు చీటీ ద్వారా పట్టికకెక్కి ఉంటే మళ్లీ ఎక్కించకూడదు. "లెస్" అని మాత్రమే ఉండి పక్కన ఏమీ లేకపోతే అది డిస్కౌంటు కూడా కావచ్చు. డిస్కౌంటైతే బిల్లు మొత్తమే తగ్గుతుంది, జమ కింద రాయకూడదు.

అడ్వాన్సు ఎక్కడ తగ్గించారో కూడా చూడండి. సరుకు అమ్మకంలో అడ్వాన్సు తీసుకున్నప్పుడు జీఎస్టీ కట్టనక్కరలేదు, బిల్లు వేసినప్పుడు పూర్తి విలువ మీద పన్ను పడుతుంది. కాబట్టి అడ్వాన్సు వరుస పన్ను కలిపిన మొత్తానికి కింద ఉండాలి. పన్నుకు ముందే తీసేసి మిగిలిన దాని మీద పన్ను వేసిన బిల్లు కనబడితే ఆ బిల్లే తప్పు. బాకీ లెక్కకు ముందు దాన్ని సరిచేయించాలి. సేవలకు, అంటే కూలి కాంట్రాక్టుల వంటి వాటికి, ఈ వెసులుబాటు లేదు. అక్కడ అడ్వాన్సు మీదే పన్ను కట్టాలి.

చేతిరాత అంకెల దగ్గర రెండు పొరపాట్లు పదేపదే జరుగుతాయి. ఒడియా నాలుగు, పైన మూతి తెరుచుకున్న ఎనిమిదిలా ఉంటుంది. తెలుగు బిల్లులకు అలవాటుపడిన కన్ను నలభై వేలను ఎనభై వేలుగా చదివేస్తుంది. రెండోది, మొత్తం తర్వాత గీసే ఏటవాలు గీత. 20000/- అని రాసినప్పుడు ఆ గీత నిటారుగా పడితే ఒకటిలా కనిపించి రెండు లక్షల ఒకటి అయి కూర్చుంటుంది. రెండింటికీ మందు ఒకటే: అదే కాగితం మీదున్న మిగతా అంకెలతో కూడి, తీసి చూడండి. బిల్లు మొత్తంలోంచి ఆ జమ తీసేస్తే అక్కడే రాసిన బ్యాలెన్స్ రావాలి. రాకపోతే మనం చదివింది తప్పు, లేదా రాసినవారిది తప్పు. ఏది తప్పో తేలేదాకా ఆ వరుసకు `WAIT` పెట్టండి.

నాలుగో మెట్టు: ఒక ఖాతాను పూర్తిగా తేల్చడం

పర్లాకిమిడి దుకాణం ఒకటి, కాశీనగరం వైపు ఇల్లు కట్టుకుంటున్న ఖాతాదారు ఒకరు అనుకుందాం. వాట్సాప్‌లో ఏడు ఫొటోలు ఉన్నాయి.

మొదటిది నవంబరు 3 నాటి ఆర్డరు చీటీ. అంచనా 1,85,000 అని, కింద చేత్తో ఒడియా అంకెల్లో అడ్వాన్సు అని ఉంది. అంచనా బిల్లు కాదు, సరుకు ఇంకా కదల్లేదు, కాబట్టి 1,85,000ను ఎక్కడా రాయం. అడ్వాన్సు మాత్రం నిజంగా చేతులు మారిన డబ్బు. అది 80,000 లాగా కనిపిస్తోంది, తేల్చాలి.

రెండోది నవంబరు 10 నాటి 412వ బిల్లు. మొత్తం 78,450, లెస్ అడ్వాన్సు 40,000, బ్యాలెన్స్ 38,450. చీటీ మీది అంకె ఇక్కడ తేలింది. అడ్వాన్సు 80,000 అయితే బ్యాలెన్సే మిగలదు. కాబట్టి `Receipts`లో నవంబరు 3 తేదీతో 40,000 ఒక్కసారి ఎక్కుతుంది. `Bills`లో 78,450 ఎక్కుతుంది.

మూడోది నవంబరు 24 నాటి 431వ బిల్లు. సరుకు మొత్తం 52,300, ప్రీవియస్ బ్యాలెన్స్ 38,450, గ్రాండ్ టోటల్ 90,750, చెక్కు ద్వారా 30,000, బ్యాలెన్స్ 60,750. ఇందులో కొత్తవి రెండే: సరుకు 52,300, చెక్కు 30,000. బ్యాంకు స్టేట్‌మెంటులో చెక్కు పాసైనట్టు చూశాకే `OK` పెట్టాలి. ఇక్కడ పాసైందనే అనుకుందాం.

నాలుగోది 412వ బిల్లుదే ఇంకో ఫొటో. పక్కన పెన్నుతో "20,000 ఫోన్‌పే, 18/11" అని ఉంది. బిల్లు పాతదే, జమ కొత్తది. ఐదోది ఖాతాదారు పంపిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్, 20,000, అదే 18వ తేదీ. ఇవి రెండు జమలా, ఒకటేనా? పెన్ను రాతకు యూటీఆర్ ఉండదు. అందుకని బ్యాంకు స్టేట్‌మెంటు తెరిచి 18వ తేదీన 20,000 ఎన్నిసార్లు పడిందో చూడాలి. ఒక్కసారే పడింది, యూటీఆర్ స్క్రీన్‌షాట్‌తో కలిసింది. కాబట్టి ఒకే వరుస, దానికి రెండు ఫొటోల పేర్లు. డబ్బు కొడుకు ఫోను నుంచో మేస్త్రీ ఫోను నుంచో వస్తే స్టేట్‌మెంటులో వాళ్ల పేరే ఉంటుంది. ఎవరి ద్వారా వచ్చిందో ఆ వరుసలోనే రాసిపెట్టండి.

ఆరోది డిసెంబరు 12 నాటి 455వ బిల్లు. మొత్తం 61,200, లెస్ అడ్వాన్సు 40,000, బ్యాలెన్స్ 21,200. అడ్వాన్సు పక్కన తేదీ 3/11. నవంబరు 3 నాటి అడ్వాన్సు 412వ బిల్లులో ఇదివరకే తగ్గింది. అంతకుముందు బిల్లును కాపీ చేసి సరుకు మాత్రం మార్చితే ఇలా అవుతుంది. డిసెంబరులో ఇంకో నలభై వేలు వచ్చినట్టు బ్యాంకులోనూ లేదు, నగదు పుస్తకంలోనూ లేదు. కాబట్టి `Receipts`లో ఏమీ ఎక్కదు, `Bills`లో 61,200 పూర్తిగా ఎక్కుతుంది.

ఏడోది డిసెంబరు 15 నాటి వాపసు చీటీ. 455వ బిల్లులోని సిమెంటులో 10 బస్తాలు తిరిగొచ్చాయి, బిల్లు ధర పన్నుతో కలిపి బస్తా 360, మొత్తం 3,600. వాపసు ఎప్పుడూ అమ్మిన ధరకే కట్టాలి, ఆ రోజు బజారు ధరకు కాదు.

ఇక కూడుదాం. బిల్లులు 78,450, 52,300, 61,200 కలిసి 1,91,950. జమలు 40,000, 20,000, 30,000 కలిసి 90,000. వాపసు 3,600. రావలసింది 98,350.

చివరి బిల్లు చదివి చెప్పినవారు 21,200 అనేవారు. మూడు బిల్లుల బ్యాలెన్సులూ కూడినవారు 1,20,400 అనేవారు. మొదటిదాంట్లో దుకాణం దాదాపు 77 వేలు పోగొట్టుకుంటుంది. రెండోదాంట్లో ఖాతాదారును 22 వేలు ఎక్కువ అడిగి మాట పడుతుంది.

షీటులో ఇదే లెక్కకు, నాలుగో షీటు `A2` గడిలో ఖాతాదారు కోడ్ ఉందనుకుంటే, సూత్రం ఇది:

```
=SUMIFS(Bills!D:D,Bills!A:A,A2)
-SUMIFS(Receipts!C:C,Receipts!A:A,A2,Receipts!H:H,"OK")
-SUMIFS(Returns!C:C,Returns!A:A,A2)
```

ఒకే యూటీఆర్ రెండుసార్లు ఎక్కిందేమో పట్టడానికి `Receipts`లో తొమ్మిదో గడిలో:

```
=IF(E2="","",IF(COUNTIF(E:E,E2)>1,"DUP",""))
```

నగదుకు రిఫరెన్స్ ఉండదు కనుక ఈ సూత్రం దాన్ని పట్టలేదు. నగదుకు రసీదు పుస్తకం నంబరును ఆ గడిలో రాయడం అలవాటు చేసుకుంటే అదీ పట్టుబడుతుంది. రసీదు ఇవ్వకుండా బిల్లు మీద పెన్నుతో గీకే నగదు జమే తర్వాత తగవులకు మూలం.

ఐదో మెట్టు: అచ్చయిన అంకెకు, మన అంకెకు మధ్య తేడా చెప్పగలగడం

98,350 అని ఖాతాదారు ముందు పెడితే "మీ బిల్లులోనే వేరేగా ఉంది కదా బాబూ" అంటారు. ఆ మాట న్యాయమైనదే. తేడా ప్రతి రూపాయికీ జవాబు ఉండాలి. బిల్లుల ప్రకారం ఆఖరుకు తేలేది 431వ బిల్లు బ్యాలెన్స్ 60,750, దాని మీద 455వ బిల్లు బ్యాలెన్స్ 21,200, కలిపి 81,950. ఇందులోంచి 431వ బిల్లు పాత బాకీలో పట్టించుకోని ఫోన్‌పే జమ 20,000 తీసేయండి. రెండోసారి తగ్గించిన అడ్వాన్సు 40,000 కలపండి. వాపసు 3,600 తీసేయండి. సరిగ్గా 98,350 వస్తుంది. రాకపోతే ఇంకా ఏదో ఫొటో చూడలేదన్నమాట, బాకీ అడగడానికి ఇంకా సిద్ధంగా లేమన్నమాట.

గమనించండి, ఈ మూడు సవరణల్లో రెండు ఖాతాదారుకు మేలు చేసేవే. వాటిని ముందు చెప్పండి. ఇరవై వేల జమ, బస్తాల వాపసు మనమే గుర్తుచేసి చెప్పాక, అడ్వాన్సు రెండుసార్లు తగ్గిందన్న మాటను ఖాతాదారు కూడా తేలిగ్గా ఒప్పుకుంటారు.

ఆరో మెట్టు: ఏ బిల్లు తీరింది, ఏది మిగిలింది

మొత్తం బాకీ తెలిస్తే చాలదు, ఎంతకాలంగా ఏ బిల్లు మీద నిలిచిందో కూడా తెలియాలి. విడతగా వచ్చిన డబ్బును ఏ బాకీకి జమకట్టాలో భారత కాంట్రాక్టు చట్టం, 1872, 59 నుంచి 61 వరకు సెక్షన్లలో క్రమం చెప్పింది. ఇచ్చినవారు ఫలానా బాకీకని చెబితే, లేదా పరిస్థితిని బట్టి అది తెలుస్తుంటే, దానికే కట్టాలి. వారు చెప్పకపోతే పుచ్చుకున్నవారు తమకు తోచిన బాకీకి కట్టుకోవచ్చు. ఇద్దరూ ఏదీ తేల్చకపోతే పాత బాకీ నుంచి వరుసగా తీరుతుంది.

మన ఖాతాలో అడ్వాన్సు 412వ బిల్లులో తగ్గింది, ఫోన్‌పే జమ ఆ బిల్లు మీదే రాశారు. 412లో మిగిలింది 18,450. చెక్కు ఇచ్చినప్పుడు ఏ బిల్లుకో చెప్పలేదు కాబట్టి పాతది ముందు తీరుస్తాం: 18,450తో 412 మూతపడింది, మిగిలిన 11,550 తర్వాతి 431కి పోయింది. 431లో 40,750 మిగిలింది. 455లో వాపసు పోను 57,600. రెండూ కలిపితే 98,350. బిల్లులవారీ మొత్తం, ఖాతా మొత్తం కలవడమే ఈ మెట్టుకు పరీక్ష.

ఇక 455వ బిల్లును సరిచేసి, ఈ బిల్లులవారీ పట్టీని ఫొటోలతో సహా ఖాతాదారుకు పంపండి. తెలుగు చదవగలవారికి తెలుగులో, లేదంటే ఒడియాలో పంపండి. "డిసెంబరు 15 నాటికి బాకీ 98,350, సరే" అని సంతకం తీసుకోండి. సరుకు అమ్మిన బాకీకి దావా వేసే గడువు మూడేళ్లు. ఆ గడువులోపు సంతకంతో బాకీ ఒప్పుకుంటే, ఒప్పుకున్న తేదీ నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. సంతకమైన పట్టీకి కూడా ఒక ఫొటో తీసి, `PK014_BAL_1.jpg` అని పేరు పెట్టి అదే ఫోల్డరులో వేయండి. ఆ తేదీ తర్వాత వచ్చే ఫొటోల నుంచే తదుపరి లెక్క మొదలవుతుంది.